చీమల ఆసుపత్రి

పిల్లలు అట్టపెట్టెలతో చేసిన కళాఖండాన్ని చాటుగా చెత్తబుట్టలో పడేసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎత్తనివాళ్ళకి పిల్లలైనా లేకపోవాలి, నిజాయితీ అయినా లేకపోవాలి. నాకు మొదటిది ఉంది. రెండోది ఎలా వచ్చిందో, దానికి ఎంత ఖర్చయిందో చెప్తాను.

మా అమ్మాయికి ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఇంట్లో అందరం జడ్జిగారు అంటాం. ఎవరి కంచంలో ఎంత పడిందో ఓరకంట చూసి తీర్పు చెప్పే రకం. ఆ జడ్జిగారు ఒక ఆదివారం చెప్పుల పెట్టెతో చీమల ఆసుపత్రి కట్టింది. అగ్గిపెట్టెలు మంచాలు, దూది పరుపులు, సీసా మూతలు స్నానాల తొట్లు. కలిపి ఉంచడానికి టేపు చుట్ట ఒకటి మొత్తం. పేషెంట్లు రావాలి కదా అని ప్రతి మంచం మీదా చిటికెడు పంచదార.

పేషెంట్లు వచ్చారు. వాళ్ళను చూసిపోవడానికి బంధువులు వచ్చారు. మంగళవారానికి ఆ బంధువుల వరస మా పడకగది దాకా పాకి, పరుపు మీద నా పక్కన చోటు అడిగింది.

బుధవారం పిల్ల బడికి వెళ్ళాక, ఆసుపత్రిని రెండు వేళ్ళతో పట్టుకుని కిందకి దిగి, గేటు పక్కనున్న పెద్ద చెత్తడబ్బాలో పడేసి ఆఫీసుకి వెళ్ళిపోయాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇతరులు చేసిన తప్పులు పట్టుకున్నందుకు నాకు జీతమిస్తారు. నా తప్పులు పట్టుకోవడానికి ఎవరినీ పెట్టలేదు.

సాయంత్రం బడి నుంచి నానమ్మతో వచ్చిన జడ్జిగారు, నేను ఇంటికి రాగానే గుమ్మంలోనే నిలబెట్టింది.

"అమ్మా, నా ఆసుపత్రి ఏదీ?"

పడేశానని చెప్పడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ ఒక్క క్షణంలో నా నోరు వేరే పని చూసుకుంది.

"ఆఫీసుకి పట్టుకెళ్ళాను తల్లీ. అందరూ చూస్తామన్నారు."

వెనకాల మా అత్తయ్య స్కూలు సంచి కొక్కేనికి తగిలిస్తూ నా వైపు ఒక చూపు చూశారు. ఆవిడ ముప్పయ్యొక్క ఏళ్ళు ఒకటో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. ఆ చూపుకి పెన్సిళ్ళు దొంగిలించినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే జేబులు తిప్పి చూపించేవారట. నాకు జేబులు లేవు కాబట్టి వంటగదిలోకి వెళ్ళిపోయాను.

మర్నాడు జడ్జిగారు అడిగింది, "చూసి ఏమన్నారు?" సెక్యూరిటీ ఆయన సెల్యూట్ కొట్టాడన్నాను. ఆ మర్నాడు మా మేనేజరు మంచాలు లెక్కపెట్టాడన్నాను. సోమవారం, రిసెప్షన్ బల్ల మీద పెట్టారన్నాను. మంగళవారం, చూడటానికి వచ్చినవాళ్ళ బరువుకి లిఫ్టు రెండో అంతస్తులో ఆగిపోయిందన్నాను. అబద్ధంతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది ఒక్కటి ఆడి ఊరుకోనివ్వదు. ప్రతి రోజూ కొత్త వెర్షను విడుదల చెయ్యాలి.

మా ఆయనకి కళ్ళద్దాల షాపు ఉంది. రోజంతా జనం కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి "ఇలా బావుందా, ఇలా బావుందా" అని అడగడం ఆయన వృత్తి. ఇంట్లో కూడా ఏదీ సూటిగా చెప్పరు, రెండు అద్దాలు చూపించి మనల్నే ఎంచుకోమంటారు. ఏడేళ్ళుగా పొద్దున కాఫీ ఆయనే కలుపుతారు. ఆ కాఫీ గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే, అది వేడిగా ఉంటుంది. అయినా రోజూ "బావుందండీ" అంటాను. అనకపోతే రేపటి నుంచి ఆరింటికి లేవాల్సింది నేను కదా.

"నిజం చెప్పేస్తే పది నిమిషాలు ఏడుస్తుంది," అన్నారాయన కాఫీ అందిస్తూ. "చెప్పకపోతే నువ్వు రోజూ లిఫ్టులు ఆపాలి. ఏది బావుంది?"

"మీరే చెప్పండి పోనీ."

"నేనెందుకు చెప్తాను? పడేసింది నేను కాదుగా."

"పెళ్ళప్పుడు కష్టసుఖాల్లో తోడుంటానన్నారు."

"తోడుంటాను. ముందు నడవను."

సరిగ్గా ఆ బుధవారం క్లాసు టీచరు నుంచి మెసేజ్ వచ్చింది. ప్రతి శుక్రవారం ఎవరో ఒక అమ్మో నాన్నో వచ్చి పిల్లలకి సొంతంగా రాసిన చిన్న కథ చెప్పాలి, తర్వాత నాలుగు ప్రశ్నలు అడిగి పిల్లలతో మాట్లాడించాలి. వచ్చే వారం వంతు నాది. అంశం: నిజాయితీ.

మెసేజ్ పైకి చదివి, అంశం ఇంకోసారి చదువుకున్నాను. జడ్జిగారు మాత్రం గెంతింది. "అమ్మా, ఆ రోజు నా ఆసుపత్రి కూడా తీసుకురా. క్లాసులో అందరూ అడుగుతున్నారు, నీ ఆసుపత్రి ఎప్పుడు చూపిస్తావని."

అంటే వ్యవహారం ఇప్పుడు నా పరువు దాటి పిల్ల పరువు దాకా వచ్చింది. తోటి ఇరవై ఏడు మంది ముందు దాని చెయ్యి ఖాళీగా ఉండిపోతుంది. నా దగ్గర తొమ్మిది రోజులున్నాయి. ఒక కథ రాయాలి, ఒక ఆసుపత్రి కట్టాలి.

ఆసుపత్రి కాంట్రాక్టు మా ఆయనకిచ్చాను. కథ నేనే ఒక్క గంటలో రాసేశాను. అందులో ఒక పిల్లాడు హోంవర్కు గురించి అబద్ధమాడతాడు. దాంతో స్నేహితులు వదిలేస్తారు, కుక్క వదిలేస్తుంది, ఆఖరికి మెట్ల మీద నుంచి పడి కాలు విరుగుతుంది. చివర "నిజాయితీయే మనిషికి నిజమైన ఆభరణం" అని పెట్టాను. కింద ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న పక్కన ఆఫీసులో అలవాటు కొద్దీ రావలసిన జవాబు కూడా రాశాను. అబద్ధం ఆడటం తప్పా? రావలసిన జవాబు: అవును.

అత్తయ్య అద్దాలు పెట్టుకుని చదివారు. ఎర్ర పెన్ను అడగలేదు. అందుకే భయమేసింది.

"ఈ పిల్లాడికి కాలు ఎందుకు విరిగిందమ్మా?"

"అబద్ధమాడాడు కదా అత్తయ్యా."

"అబద్ధమాడితే కాళ్ళు విరుగుతాయా? మరి నీ కాళ్ళు బానే ఉన్నాయే," అన్నారు, ఏమీ ఎరగనట్టు. నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

తర్వాత ఆవిడ నన్ను నేల మీద కూచోబెట్టి ఒకటో తరగతి పాఠం చెప్పారు. ఆరేళ్ళ పిల్లలకి అబద్ధానికి శిక్ష పడిన కథ చెప్తే వాళ్ళు నేర్చుకునేది ఒక్కటే, దొరక్కూడదని. నిజం చెప్తే ఏమవుతుందో చూపించాలి. చెప్పినవాళ్ళకి మెత్తగా చోటు దొరకాలి. అలాగని నిజం చెప్పగానే బహుమతులు కురవకూడదు, విరిగింది విరిగే ఉండాలి, దాన్ని బాగుచేసే పని కూడా కథలో ఉండాలి. నిజాయితీ అనే మాట అసలు వాడొద్దన్నారు. దాన్ని వాళ్ళు చేత్తో పట్టుకోలేరు, పెన్సిలైతే పట్టుకుంటారు. వాక్యానికి నాలుగైదు మాటలు. ఒకే పిల్ల, ఒకే తప్పు, ఐదు నిమిషాల్లో అయిపోవాలి. మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఒకటుంటే వాళ్ళే మనతో కలిసి అంటారు. పొరపాటున తప్పు చెప్పడం వేరు, తెలిసి దాచడం వేరు. ఆ వయసులో రెండూ కలిసిపోతాయి కాబట్టి కథలో పిల్లకి నిజం తెలుసని స్పష్టంగా ఉండాలి.

"ప్రశ్నల్లో అవును, కాదు అనేవి పెట్టకు," అన్నారు ఆఖరున. "అబద్ధం తప్పా అంటే ఇరవై ఎనిమిది మందీ అవునండీ అని పాడతారు. అలా పాడుతూనే పక్కవాడి రబ్బరు జేబులో వేసుకుంటారు."

"మరి జవాబు ముందే తెలియని ప్రశ్న అడిగితే ఎలా అత్తయ్యా? ఏమొస్తుందో ఏమో."

"ఏమొస్తుందో తెలియకపోతేనే అది ప్రశ్న. తెలిసి అడిగితే పరీక్ష."

పదకొండేళ్ళ నా ఉద్యోగాన్ని ఆవిడ రెండు వాక్యాల్లో తీసేశారు. నాలుగు సార్లు తిరగరాశాక కథ ఇలా తేలింది:

*చుక్క దగ్గర ఎర్ర పెన్సిల్ లేదు. పక్కనున్న పండు దగ్గర ఉంది. చుక్క అడిగి తీసుకుంది. గట్టిగా నొక్కింది. టప్‌. పెన్సిల్ విరిగింది.*

*చుక్క దాన్ని పండు సంచిలో పెట్టేసింది. "నా పెన్సిల్ ఎవరు విరిచారు?" అన్నాడు పండు. "నాకు తెలీదు," అంది చుక్క. చుక్కకి తెలుసు. కడుపులో గుడగుడ.*

*చుక్క ఆటకి వెళ్ళింది. కడుపులో గుడగుడ. చుక్క అన్నం తింది. కడుపులో గుడగుడ.*

*చుక్క టీచరు దగ్గరికి వెళ్ళింది. "పెన్సిల్ నేనే విరిచాను. తెలీదని చెప్పాను," అంది. టీచరు వంగి కూచుంది. "చెప్పావు, మంచి పని చేశావు. ఇప్పుడేం చేద్దాం?" అంది.*

*చుక్క పండుకి చెప్పింది. పండుకి కోపం వచ్చింది. కాసేపటికి తగ్గింది. ఇద్దరూ కలిసి రెండు ముక్కలూ చెక్కారు. ఇప్పుడు రెండు చిన్న పెన్సిళ్ళు. చుక్క కడుపులో గుడగుడ లేదు.*

కింద నాలుగు ప్రశ్నలు. చుక్క ఏం దాచింది? కడుపులో గుడగుడ ఎందుకు వచ్చింది? నిజం చెప్పాక ఏం మారింది, ఏం మారలేదు? నువ్వే చుక్కవైతే ఎవరికి చెప్తావు, ఏమని చెప్తావు?

ఇంతలో మా ఆయన షాపు నుంచి ఆసుపత్రి తెచ్చారు. అద్దాల పెట్టెలతో మూడంతస్తులు కట్టారు. గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి. తలుపులకి కళ్ళద్దాల బందులు వేశారు. తెరిస్తే తెరుచుకుంటున్నాయి.

"ఇదేమిటండీ, ఆరేళ్ళ పిల్ల కట్టినట్టుందా ఇది? ఇందులో చేరాలంటే చీమలు ఆస్తులు అమ్ముకోవాలి."

"నాలుగు రోజులు కూర్చున్నాను," అన్నారు నొచ్చుకుని.

"వంకరగా చెయ్యాలి. టేపు కనపడాలి."

"వంకరగా చెయ్యడం నాకు రాదు. నేను కళ్ళద్దాలవాణ్ణి."

గోడలు నేనే వంచాను, తలుపులు పీకేశాను, టేపు చుట్ట కుమ్మరించాను. మంచాలెన్నో గుర్తులేక, మాట్లాడుతూ మాట్లాడుతూ జడ్జిగారిని అడిగాను, మన ఆసుపత్రిలో మంచాలు ఎన్ని తల్లీ అని. అది నా మొహంలోకి తేరిపార చూసింది. "మీ మేనేజరు లెక్కపెట్టాడు కదమ్మా. ఆయన్ని అడుగు."

మంచాలు ఏడు పెట్టాను. ఎందుకు ఏడంటే, అగ్గిపెట్టెలు ఏడే దొరికాయి.

శుక్రవారం వచ్చింది. అత్తయ్య కూడా వస్తానన్నారు, పాత అలవాటు, క్లాసు చూసి చాలా రోజులైందట. ఆవిడ చేతిలో ఒక గుడ్డసంచి. గోడవారగా పెట్టిన చిన్న కుర్చీలో కూర్చున్నారు. నన్ను ముందు నిలబెట్టారు. కొత్త ఆసుపత్రి బల్ల మీద, పైన తువ్వాలు కప్పి. నేల మీద ఇరవై ఎనిమిది మంది. ముందు వరసలో జడ్జిగారు, చేతులు కట్టుకుని.

కథ మొదలుపెట్టాను. రెండో గుడగుడకే పిల్లలు అందుకున్నారు. మూడోదానికి ఇరవై ఎనిమిది మందీ పొట్టలు పట్టుకుని గుడగుడమన్నారు. నా పొట్ట కూడా అంది, కాకపోతే నేను అనమనలేదు. పెన్సిల్ రెండైనప్పుడు ఒకడు చప్పట్లు కొట్టాడు. అంతా బాగానే ఉంది. తర్వాత ప్రశ్నలొచ్చాయి.

చుక్క ఏం దాచింది అంటే పెన్సిల్ అన్నారు కొందరు. రెండు జడల పిల్ల ఒకతి లేచి, "పెన్సిల్ దాచలేదండీ, మాట దాచింది," అంది. నేను రాసిన నాలుగు డ్రాఫ్టుల్లో ఎక్కడా అంత మంచి వాక్యం లేదు.

గుడగుడ ఎందుకు వచ్చింది అంటే మాత్రం తలుపులు తెరుచుకున్నాయి. ఒకడు, మా నాన్నకి కూడా వస్తుందండీ, ఫోనొస్తే ఇంట్లో లేనని చెప్పమంటాడు అన్నాడు. ఒకతి, మా పెద్దమ్మ పుట్టినరోజుకి ప్రతి ఏడూ అదే వయసు చెప్తుందంది. ఇంకొకడు, మా టీచరు నిన్న తలనొప్పి అని చెప్పి వెనక్కి తిరిగి చాక్లెట్ తిన్నారన్నాడు. టీచరు కిటికీలోంచి చాలా శ్రద్ధగా చెట్టు చూశారు. రావలసిన జవాబులు పక్కన రాసుకుని ఉంటే ఆ కాగితం నమిలి మింగేదాన్ని.

మూడో ప్రశ్న దాటి నాలుగోదానికి వచ్చాను. నువ్వే చుక్కవైతే ఎవరికి చెప్తావు, ఏమని చెప్తావు?

జడ్జిగారు చెయ్యెత్తింది. "ముందు నువ్వు చెప్పమ్మా. నువ్వు చుక్కవైతే?"

క్లాసంతా నా వైపు తిరిగింది. దాని మొహంలో ఎగతాళి లేదు. ఎదురుచూపు ఉంది. రెండు వారాలుగా రోజూ సాయంత్రం గుమ్మంలో చూస్తున్న మొహమే అది. ఇన్నాళ్ళూ ఆఫీసు కబుర్ల కోసమనుకున్నాను. చెయ్యి తువ్వాలు మీదికి వెళ్ళింది. లాగితే చాలు, గండం గడుస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. దాని చెయ్యి ఖాళీగా ఉండదు. కానీ అప్పటిదాకా దానికి కథ చెప్పిన నోటితోనే, ఇదే నీ ఆసుపత్రి అని చెప్పాలి.

తువ్వాలు వదిలేశాను. కథలో టీచరు కూచున్నట్టే వంగి కూచున్నాను.

"నీ ఆసుపత్రి నేనే చెత్తడబ్బాలో పడేశాను. ఆఫీసుకి పట్టుకెళ్ళలేదు. ఎవరూ చూడలేదు. ఈ తువ్వాలు కింద ఉన్నది నాన్న చేసింది. నాకు నిజం తెలుసు, దాచాను."

జడ్జిగారి పెదవి ఒకసారి వణికింది. తర్వాత గొంతు సవరించుకుని తీర్పు చెప్పింది.

"చెప్పావు, మంచి పని చేశావు. ఇప్పుడేం చేద్దాం?"

ఏం చేద్దామో ఇరవై ఏడు మందీ ఒకేసారి చెప్పారు. కొత్తది కడదామని, చెత్తడబ్బా వెతుకుదామని, అమ్మని మూలన నిలబెడదామని. జడ్జిగారు చెయ్యి పైకెత్తి అందరినీ ఆపింది. నానమ్మ వైపు తలాడించింది. అత్తయ్య లేచి, గుడ్డసంచిలోంచి ఆసుపత్రి తీశారు. వంకర గోడలు, టేపు, దూది. మంచాలు తొమ్మిది.

నేను పడేసిన బుధవారమే బడి నుంచి వస్తూ గేటు పక్క చెత్తడబ్బాలో అన్నిటికంటే పైనే ఉంటే ఇద్దరూ చూశారట. అత్తయ్య ఇంటికి తెచ్చి, పంచదార దులిపి, ఎండలో పెట్టి, తన మంచం కింద భద్రపరిచారట. నేను ఆ సాయంత్రం సెక్యూరిటీ సెల్యూట్ గురించి ఆలోచిస్తున్నప్పుడు ఆసుపత్రి నా తలకి పది అడుగుల దూరంలో ఉంది. ఇక క్లాసు టీచరు అత్తయ్య పాత శిష్యురాలు. ఆ వారం అంశం ఎవరు సూచించారో అడగవలసిన పని లేకపోయింది.

ఇంటికి వస్తూ దారిలో జడ్జిగారిని అడిగాను. "మరి నీకు తెలిసి కూడా రోజూ ఆఫీసులో ఏమన్నారని అడిగావు కదా. అది అబద్ధం కాదా?"

"నేను ఏం చెప్పలేదమ్మా. అడిగానంతే," అంది. "నానమ్మ చెప్పింది, చెప్పేవాళ్ళకి టైమివ్వాలని." కాసేపు నడిచి మళ్ళీ అంది, "లిఫ్టు ఆగిపోయిన కథ బావుంది. కానీ అది కథ అని ముందే చెప్పు. అప్పుడు గుడగుడ రాదు."

వాళ్ళ నాన్న కట్టిన మూడంతస్తులకి సాయంత్రానికి బ్రాంచి అని బోర్డు పెట్టింది. పంచదార మాత్రం బాల్కనీలోనే పెడతానని ఒప్పుకుంది. ఇల్లు తేలికపడింది. నిజం చెప్పడం ఇంత సుఖమా అనుకున్నాను. ఆ ఊపులో మర్నాడు పొద్దున కాఫీ తాగుతున్నాను.

జడ్జిగారు పాలగ్లాసుతో ఎదురుగా కూచుంది. "అమ్మా, నాన్న కాఫీ బావుంటుందా?"

ఏడేళ్ళ అలవాటు నోటి దాకా వచ్చింది. కడుపులో గుడగుడ. ఈసారి కాఫీ వల్లో దేనివల్లో తెలీదు.

"బావుండదు తల్లీ," అన్నాను. "ఎప్పుడూ బావుండలేదు. రేపు లేవాల్సి వస్తుందని బావుందన్నాను."

మా ఆయన గరిట కింద పెట్టారు. నొచ్చుకుంటారనుకున్నాను. ఆయన మొహంలో మాత్రం, నంబరు సరిపోయిన అద్దంలోంచి లోకాన్ని మొదటిసారి చూసినవాడి వెలుగు వచ్చింది.

"చెప్పావు, మంచి పని చేశావు," అన్నారు. "నేనూ చెప్పేస్తాను. ఏడేళ్ళుగా కావాలనే పాడుచేస్తున్నాను. ఎప్పుడో ఒకప్పుడు బాలేదంటావు, మానేద్దామని. నువ్వు రోజూ బావుందంటుంటే ఏం చెయ్యను?"

అత్తయ్య పేపరు వెనకాల దగ్గారు. ఆ దగ్గు నవ్వులా వినిపించింది. జడ్జిగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పాలగ్లాసు బల్ల మీద టప్పుమని పెట్టింది.

"మరి ఇప్పుడేం చేద్దాం?"

అప్పటి నుంచి ఆరింటికి నేను లేస్తున్నాను. కాఫీ బావుంటోందని మా ఆయన, అత్తయ్య ఇద్దరూ అంటున్నారు. నిజమే చెప్తున్నారో, నన్ను లేపడానికి చెప్తున్నారో అడిగే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.